మజూరి లేదంటే తరుగు ఎంతో అడగండి

పెళ్లి పెట్టుకున్న ఓ కుటుంబం వెండి కుందుల జత చేయించాలని రెండు దుకాణాలు తిరిగిందనుకుందాం. నమూనా ఒకటే, బరువు కూడా ఒకటే, జత కలిపి 400 గ్రాములు. మొదటి దుకాణంలో యజమాని ఇలా అన్నాడు: "మా దగ్గర మజూరి లేదండీ. తరుగు పన్నెండు శాతం, అంతే." రెండో దుకాణంలో మాట వేరు: "మేం తరుగు వేయం. మజూరి గ్రాముకు ఇరవై ఐదు రూపాయలు."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఏది చవకో ఆ రెండు మాటల్ని బట్టి తేలదు. ఆ రోజు వెండి రేటు ఎంతో తెలియాలి. కుందుల్లో నిజంగా ఉండే వెండి ఎంతో తెలియాలి. ఆ రెండూ చేతిలో ఉంటే, ఒక రేటు దగ్గర మొదటి దుకాణం చవక, ఇంకో రేటు దగ్గర రెండోది చవక అని తెలుస్తుంది. మారేది వెండి ధర ఒక్కటే. కుంది అదే, కంసాలి పడే శ్రమా అదే.

చేయించే వెండి వస్తువుకు బిల్లు ఎక్కడైనా మూడు ముక్కలే: వెండి విలువ, తరుగు, మజూరి. వాటి మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ. చూడ్డానికి ఇంత తేలికైన లెక్కలో జనం తికమకపడటానికి కారణం, ఒక ముక్కలో రావలసిన డబ్బు ఇంకో ముక్కలోకి సులువుగా జరిగిపోవడం. మజూరి తరుగులో దూరుతుంది. తరుగు టచ్‌లో దూరుతుంది. ఎంత దూరిందో తెలుసుకోవాలంటే ఒక్కొక్కటీ విడదీసి చూడాలి.

ఆ రోజు రేటు అంటే ఏ రేటు?

వెండికి మూల ధర అంతర్జాతీయ విపణిలో డాలర్లలో, ఔన్సు లెక్కన నడుస్తుంది. ఆ ఔన్సు 31.1 గ్రాములది. దానికి డాలరుతో రూపాయి మారకం, దిగుమతి సుంకం, రవాణా, వ్యాపారుల లాభం కలిసి మన ఊరి ధర అవుతుంది. ఊళ్లోని బులియన్ వర్తకుల సంఘం ఉదయం ఒక రేటు పంపుతుంది. విపణి ఊగుతున్న రోజుల్లో సాయంత్రానికి అది మారిపోతుంది. ఒకే రోజు ముంబై రేటుకూ హైదరాబాద్ రేటుకూ కిలో దగ్గర వేల రూపాయల తేడా కనిపించడం మామూలే. అందుకని ఫోన్‌లో కనిపించిన ఏదో ఊరి ధర పట్టుకుని దుకాణదారుతో వాదనకు దిగితే లాభం లేదు. ఆ ఊళ్లోనే మరో రెండు దుకాణాలకు ఫోన్ చేసి కడ్డీ వెండి రేటు ఎంతని అడిగితే నిజం తెలుస్తుంది.

ఆ అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. పత్రికలో వచ్చే ధర మేలిమి వెండిది, అంటే వెయ్యికి 999 పాళ్లు వెండి ఉన్న కడ్డీది. దుకాణంలో బోర్డు మీద రాసే 'వెండి సామాను' రేటు ఒక్కోసారి దానికి భిన్నంగా ఉంటుంది. కొందరు తమ లాభం కొంత ఆ రేటులోనే కలుపుకుంటారు. గ్రాముకు ఐదు రూపాయలు కలిపినా 400 గ్రాముల మీద ₹2,000. కాబట్టి మొదటి ప్రశ్న "ఈ రోజు రేటెంత?" అని కాకుండా "ఈ రేటు కడ్డీదా, సామానుదా?" అని ఉండాలి.

బరువు మాటలోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ తులాల్లోనే చెబుతారు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా దుకాణాల్లో పది గ్రాములనే తులం అంటున్నారు. "నలభై తులాల్లో చేయండి" అని ఇంట్లో పెద్దాయన చెప్పి వస్తే, దుకాణదారు 400 గ్రాములు రాసుకోవచ్చు. పెద్దాయన మనసులో ఉన్నది 466 గ్రాములు. ఆర్డరు చీటీ మీద గ్రాములే ఉండాలి.

టచ్ ఎంత?

మేలిమి వెండి మెత్తన. దానితో చేసిన కుంది పొడవాటి కాడ చిన్న దెబ్బకే వంగుతుంది. గట్టిదనం కోసం రాగి కలుపుతారు. వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు ఎక్కువగా రాగి ఉంటే దాన్ని 92.5 టచ్ అంటారు. కంచాలూ గిన్నెలూ మందపు రేకుతో, ఇంకా మేలిమి వెండితోనే చేయించుకునేవాళ్లు ఉన్నారు. పట్టీల్లాంటి చోట టచ్ ఎనభైకీ డెబ్భైకీ, ఒక్కోసారి అంతకన్నా కిందికీ దిగుతుంది. జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మేదాంట్లో అసలు వెండే ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం.

రాగి కలపడం తప్పు కాదు. రాగిని వెండి రేటుకు తూచడం దగ్గరే కొనేవాళ్లు నష్టపోతారు. 400 గ్రాముల 92.5 టచ్ కుందుల్లో నికరమైన వెండి 370 గ్రాములు. మిగతా 30 గ్రాములు రాగి. బిల్లు మీద 400 గ్రాములకూ కడ్డీ వెండి రేటు వేస్తే, ఆ 30 గ్రాముల రాగికి వెండి ధర కట్టినట్టు. చాలా దుకాణాల్లో ఇదే ఆనవాయితీ. దుకాణదారు దీన్ని దాచిపెట్టాలని చేయనక్కర్లేదు, తన రాబడిలో కొంత ఇలా లెక్కేసుకుంటాడు. కానీ కొనేవారికి ఆ సంగతి తెలియాలి, ఎందుకంటే రేపు ఆ కుందులు అమ్మబోతే చేతికొచ్చేది 370 గ్రాముల విలువే.

పట్టీల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్రాము ₹200 ఉన్న రోజు 100 గ్రాముల పట్టీలను పూర్తి రేటుకు కొంటే వెండి కింద ₹20,000 కడతారు. అవి 70 టచ్ అయితే కరిగించినప్పుడు మిగిలేది ₹14,000 విలువైన వెండి. "పట్టీలకు మజూరి చాలా తక్కువ" అని చెప్పే చోట ఆ ₹6,000 మజూరిగా ఎవరికీ కనిపించదు.

టచ్‌ను నోటిమాటతో నమ్మాల్సిన పని లేదు. వెండికి భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ ఉంది. బంగారానికిలా తప్పనిసరి కాదు, స్వచ్ఛందం. 2025 సెప్టెంబరు నుంచి వెండి వస్తువుల మీద కూడా ఆరక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య వేసే పద్ధతి మొదలైంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు వివరాలు కనిపిస్తాయి. చేయించే వస్తువుకు హాల్‌మార్క్ కావాలంటే ఆ మాట ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి. అప్పుడు టచ్ తగ్గించే అవకాశం పని మొదలయ్యేటప్పుడే పోతుంది.

తరుగు ఎక్కడ పోతుంది?

తరుగు కల్పన కాదు. అయితే అది ఎంతన్నది పనిని బట్టి ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి కార్ఖానాలోకి వెళ్లాలి.

వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూసలో వేసి, పైన వెలిగారం చల్లి కరిగిస్తారు. కరిగిన మేలిమి వెండికి ఒక వింత గుణం ఉంది. గాలిలోని ఆక్సిజన్‌ను తన పరిమాణానికి ఇరవై రెట్ల దాకా పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పుడు చిటపటలాడుతూ సన్నని బిందువులు ఎగిరిపడతాయి. అనుభవమున్న కంసాలి మూస మీద బొగ్గుపొడి కప్పుతాడు, మంట అవసరమైనంతే పెడతాడు. కొంత వెండి మూస గోడలకు అంటుకుంటుంది, కొంత వెలిగారం తెట్టులో చిక్కుకుంటుంది.

ఆ తర్వాత కడ్డీని మిల్లులో రేకుగా లాగుతారు. కుంది పళ్లేనికి గుండ్రటి బిళ్ల కావాలి. చదరపు రేకులోంచి అంచులు తగిలేలా గుండ్రం కోస్తే 78.5 శాతం బిళ్లలోకి వెళుతుంది, 21.5 శాతం మూలలుగా మిగులుతుంది. వంద గ్రాముల రేకు పెడితే ఇరవై ఒకటిన్నర గ్రాములు కోతలోనే పక్కకు పోయినట్టు. కానీ ఆ మూలలు ఎక్కడికీ పోవు, మళ్లీ మూసలోకే వెళతాయి. వాటిని తరుగు కింద లెక్కవేయకూడదు. "గుండ్రటి పని కదండీ, కోతలో చాలా పోతుంది" అనే మాట వింటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిజంగా పోయేది ఆకురాయి పొడిలో, మెరుగులో. కుంది కాడ, పళ్లెం, పీట విడివిడిగా తయారవుతాయి. వాటిని టంకంతో అతుకుతారు. అతుకు దగ్గర ఆకురాయి పట్టిస్తారు. రాగి కలిసిన వెండిని కాల్చినప్పుడల్లా పైన నల్లటి మసి పొర కడుతుంది, దాన్ని పలచటి ఆమ్లంలో వేసి తీయాలి. ఆఖరున బఫింగ్ యంత్రం మీద మెరుగు పెడతారు. అక్కడ లేచే దుమ్ము మైనంతో, గుడ్డ పీచుతో కలిసిపోతుంది. జాగ్రత్తగల కార్ఖానాలో ఆ గుడ్డలను కూడా కాల్చి బూడిదలోంచి వెండి తీస్తారు. నేల ఊడ్చిన మట్టినీ పారేయరు. కంసాలి వీధుల్లో ఆ బూడిదనూ మట్టినీ కొని, నీళ్లలో కడిగి, అందులోని బంగారం, వెండి రాబట్టి బతికిన జలగడుగువాళ్లు తెలుగునాట తరతరాలుగా ఉన్నారు. పొడికి కూడా ధర ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి సాదా కంచం, గ్లాసు లాంటి పనిలో తిరిగిరాకుండా పోయే వెండి బిల్లు మీద వేసే తరుగులో చిన్న భాగమే. చెక్కడం, అతుకులు, బోలు పని పెరిగేకొద్దీ నిజమైన తరుగు పెరుగుతుంది. బిల్లులో పన్నెండు శాతం తరుగు కనిపిస్తే అంత వెండి గాలిలో కలిసిందని కాదు. అందులో ఎక్కువ భాగం వేరే పేరుతో తీసుకుంటున్న మజూరి. కంసాలికి మజూరి రావాలి, దుకాణానికి లాభం రావాలి. దాని మీద ఎవరికీ తగువు ఉండకూడదు. రూపాయల్లో చెప్పవలసినదాన్ని గ్రాముల్లో చెప్పినప్పుడు ఏం జరుగుతుందన్నదే చూడాలి.

రెండు బిల్లులు

ఇప్పుడు మొదటి రెండు దుకాణాలకు వద్దాం. కుందులు 400 గ్రాములు, 92.5 టచ్. కడ్డీ రేటు గ్రాము ₹200 అనుకుందాం. 2025 మొదట్లో కిలో లక్షకు లోపలే ఉన్న వెండి, ఆ ఏడాది చివరికి రెండు లక్షలు దాటింది కనుక ఇది ఊహకందని అంకె కాదు.

మొదటి దుకాణం మొత్తం బరువుకూ కడ్డీ రేటు వేస్తుంది. 400 గ్రాములకు పన్నెండు శాతం తరుగు 48 గ్రాములు. కలిపి 448 గ్రాములు, ₹89,600. మూడు శాతం జీఎస్టీ ₹2,688 కలిస్తే ₹92,288.

రెండో దుకాణం నికర వెండికే రేటు వేస్తుంది. 370 గ్రాములకు ₹74,000. మజూరి గ్రాముకు ₹25 చొప్పున 400 గ్రాములకు ₹10,000. మొత్తం ₹84,000. జీఎస్టీ ₹2,520 కలిస్తే ₹86,520.

తేడా ₹5,768. మజూరి లేదన్న దుకాణంలో నిజానికి మజూరి ఎంత పడిందో చూడండి. పన్ను కాకుండా కట్టింది ₹89,600. చేతికొచ్చిన వెండి విలువ ₹74,000. మిగిలిన ₹15,600 లో తరుగు పేరున వెళ్లినవి ₹9,600, రాగికి వెండి రేటు కట్టడం వల్ల వెళ్లినవి ₹6,000. గ్రాముకు ₹39 మజూరి పడినట్టు.

అలాగని మొదటి దుకాణం మోసం చేసిందని అనేయకండి. ఇదే లెక్కను గ్రాము ₹100 ఉన్న రోజున వేయండి. మొదటి దుకాణంలో 448 గ్రాములకు ₹44,800. రెండో దుకాణంలో 370 గ్రాములకు ₹37,000, మజూరి ₹10,000, మొత్తం ₹47,000. ఆ రోజు మొదటి దుకాణమే ₹2,200 చవక. రెండు బిల్లులూ సమానమయ్యే చోటు గ్రాము ₹128 దగ్గర ఉంది. వెండి అంతకు లోపలుంటే తరుగు పద్ధతి కొనేవారికి మేలు, దాటితే రూపాయల మజూరి మేలు.

తరుగు శాతంలో ఉండటం వల్ల వచ్చే ఫలితం ఇదే. వెండి రెట్టింపైతే తరుగు పేరున వచ్చే రాబడి కూడా రెట్టింపవుతుంది. కుంది చేయడానికి పట్టే రోజులు మాత్రం పెరగలేదు, కంసాలికి ముట్టే కూలీ కూడా అంతే వేగంగా పెరగలేదు. వెండి చవకగా ఉన్నప్పుడు స్థిరపడిన పన్నెండు శాతం, పదిహేను శాతం ఆనవాయితీలు, వెండి రెండు లక్షలు దాటాక కూడా అలాగే కొనసాగితే వాటిని తగ్గించమని అడగడం న్యాయమే. చాలా దుకాణాలు అడిగితే తగ్గిస్తాయి కూడా.

బేరమాడేటప్పుడు రెండు దుకాణాలను పోల్చడానికి సులువైన దారి ఒకటే. పన్ను వేయకముందు మొత్తం అడగాలి. దాంట్లోంచి బరువు, టచ్, కడ్డీ రేటు గుణించగా వచ్చిన విలువ తీసేయాలి. మిగిలిందాన్ని బరువుతో భాగిస్తే గ్రాముకు పడిన అసలు మజూరి వస్తుంది. పేరు ఏదైనా ఆ అంకె మారదు.

కరీంనగర్ తీగ పనిలో లెక్క తలకిందులు

గ్రాముకు ఇంత అనే మజూరి లెక్క బరువైన సాదా పనికి సరిపోతుంది. కరీంనగర్ ఫిలిగ్రీకి అది సరిపోదు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో వెండిని కమ్మచ్చు బెజ్జాల్లోంచి, పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి మారుస్తూ, సన్నటి తీగగా లాగుతారు. రెండు తీగలు పేని, తాడులా మెలిపెట్టి, నొక్కి చదును చేస్తారు. కాస్త మందపు తీగతో ఆకు, పువ్వు, నెమలి చట్రం కట్టి, ఆ చదును తీగను చుట్టలు చుట్టలుగా అందులో నింపుతారు. ఆపైన టంకం పొడి, వెలిగారం చల్లి మంట ఊదుతారు. మంట రవ్వంత ఎక్కువైతే టంకంతో పాటు తీగా కరిగిపోతుంది, రోజుల పని పాడవుతుంది.

ఇలాంటి కుంకుమ భరిణె ముప్పై గ్రాములే తూగవచ్చు. గ్రాము ₹200 లెక్కన వెండి ₹6,000. కుందులకు వేసినట్టు గ్రాముకు ₹25 మజూరి వేస్తే ₹750. ఆ భరిణెకు ఒక మనిషి నాలుగు రోజులు కూర్చోవలసి వస్తే ₹750 ఏ మూలకు? అందుకే ఇక్కడ మజూరి వస్తువుకు ఇంత అని, పనిరోజుల మీద కట్టాలి. తక్కువ బరువులో ఎక్కువ పని ఉన్న వస్తువు ఇది. 'గ్రాముకు ఇంత తీసుకుంటారా?' అని దీనికి బేరమాడేవారు పనిని కాకుండా లోహాన్ని చూస్తున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. తీగ తీగకూ టంకం పడుతుంది కనుక వస్తువులో టంకం వాటా ఎక్కువ. టంకంలో వెండితో పాటు రాగి, జింకు ఉంటాయి. మేలిమి తీగతో చేసినా కరిగిస్తే టచ్ కొంత తగ్గుతుంది. అది ఆ పని స్వభావమే కానీ కల్తీ కాదు. ఫిలిగ్రీ కొనేవారు దాన్ని మళ్లీ అమ్మితే వచ్చే వెండిని చూసి కొనకూడదు. అమ్మిన రోజు ఆ నాలుగు రోజుల పనికి ఎవరూ పైసా ఇవ్వరు.

బోలు వస్తువులు, తొడుగులు

బరువుకే ధర కడుతున్నప్పుడు తూచేది వెండేనా అన్నది చూసుకోవాలి. కొన్ని కుందుల కాడల్లోనూ పన్నీరు బుడ్డి అడుగునా నిలకడ కోసం లక్క నింపుతారు, ఒక్కోసారి లోపల ఇనుప ఊచ పెడతారు. లక్క నింపడం పాత పద్ధతి, అందులో తప్పేమీ లేదు. నింపకముందు తూచి బరువు రాయించుకోవాలి, అంతే. నింపాక తూస్తే లక్కకు కూడా గ్రాముకు ₹200 కట్టాల్సి వస్తుంది. రాళ్లు పొదిగినా, మీనా వేసినా ఇదే సూత్రం. పూర్తి బరువు వేరు, నికర బరువు వేరు. బిల్లు మీద రెండూ ఉండాలి.

గుడి తలుపులకు వెండి తొడుగు చేయించే కమిటీలు దీన్ని చక్కగా నిభాయిస్తాయి. తొడుగును టేకు చెక్క మీద మేకులతో బిగించాక తూచడం సాధ్యం కాదు. అందుకని పనివాళ్లకు ఇచ్చే ముందే రేకును అందరి ముందు తూచి పుస్తకంలో రాస్తారు. పని సాగినన్నాళ్లూ కోత ముక్కలను ఒక సంచిలో, ఆకురాయి పొడిని ఇంకో సంచిలో వేయిస్తారు. ఆఖరున రెండు సంచులూ తూస్తారు. ఇచ్చిన రేకులోంచి సంచుల బరువు తీసేస్తే తలుపు మీద ఎక్కినదీ, నిజంగా తరిగినదీ కలిపి ఎంతో తేలుతుంది. బిగించకముందు ఒక్కో పలకను విడిగా తూచి ఉంటే నికరమైన తరుగు గ్రాములతో సహా దొరుకుతుంది. ముందుగా ఒప్పుకున్న శాతం కన్నా అది తక్కువైతే మిగిలిన వెండి గుడిది.

పాత వెండి ఇచ్చి కొత్తది చేయిస్తే

ఇంట్లో నల్లబడిన చెంబు, సొట్టలు పడ్డ గిన్నెలు ఇచ్చి కొత్త సామాను చేయించడం మన దగ్గర ఎక్కువ. ఇక్కడ నష్టం రెండుసార్లు జరగవచ్చు, పాతది తీసుకునేటప్పుడు ఒకసారి, కొత్తది ఇచ్చేటప్పుడు ఒకసారి.

పాతది 500 గ్రాములు తూగిందనుకుందాం. కరిగిస్తే మసి, మురికి, పాత టంకంలోని జింకు పోయి 488 గ్రాముల ముద్ద వచ్చింది. ముద్దలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే 82 టచ్ అని తేలింది. 488 గ్రాములకు 82 శాతం అంటే నికరంగా 400 గ్రాముల వెండి. దుకాణం ఖాతాలో జమ కావలసింది ఇంతే, ఇంతకు తగ్గకూడదు. కరిగించకుండా "పాత వెండి కదా, ముప్పై శాతం తీసేస్తాం" అంటే జమయ్యేది 350 గ్రాములు. గ్రాము ₹200 ఉన్న రోజు ఆ యాభై గ్రాములు ₹10,000.

పరీక్ష యంత్రం అంకెను నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. దుకాణాల్లో ఉండే ఎక్స్‌రే యంత్రం వస్తువు పైపొరనే చదువుతుంది. ఆమ్లంలో వేసి తెల్లబరిచిన వస్తువుల్లో పైనున్న రాగి కరిగిపోయి, వెండి ఎక్కువున్న పొర మిగులుతుంది. వెండి పూత వేసిన వస్తువైతే చెప్పనే అక్కర్లేదు. పైన చూపిన అంకె ఎక్కువగానూ, కరిగించాక అంకె తక్కువగానూ వస్తే అది ఎప్పుడూ మోసమే కానక్కర్లేదు. ముద్ద మీద తీసిన అంకెనే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. కరిగించడం కళ్లెదుట జరగాలి, కరిగించకముందు ఒకసారి, తర్వాత ఒకసారి బరువు రాయాలి. పాత లక్కను తీసేశాకే మొదటి తూకం వేయాలి, లేదంటే ఆ లక్క బరువంతా "కరుగులో పోయింది" అన్న లెక్కలోకి వెళ్లిపోతుంది.

బయానా ఇచ్చిన రోజా, డెలివరీ రోజా?

చేయించే వస్తువుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా రేటు ఎటైనా కదలవచ్చు. బయానా కింద ₹20,000 ఇస్తే మొత్తం 400 గ్రాములకూ ఆనాటి రేటు ఖాయమైందని చాలామంది అనుకుంటారు. గ్రాము ₹200 ఉన్న రోజు ₹20,000 కు ఖాయమయ్యేది 100 గ్రాములే. కొన్ని దుకాణాలు అదీ చేయవు, బయానాను డబ్బుగానే జమ వేసి మొత్తం వెండికి డెలివరీ రోజు రేటే వేస్తాయి. కొన్ని దుకాణాలు నికర వెండి విలువంతా ముందే కట్టినవారికి రేటు ఖాయం చేస్తాయి. మూడు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. ఏదో ఒకటి చీటీ మీద ఉండాలి. కుందుల విషయంలో 370 గ్రాముల నికర వెండికి రేటు గ్రాముకు ₹20 పెరిగితే, ఖాయం చేసుకోనివారి మీద పడేది ₹7,400.

చేతిపనిలో అనుకున్న బరువుకే వస్తువు రావడం అరుదు. 400 గ్రాములు చెబితే 425 గ్రాములు రావచ్చు, 385 రావచ్చు. ఇరవై ఐదు గ్రాములు ఎక్కువైతే దానికి ఏ రేటు? మామూలుగా డెలివరీ రోజుది. తక్కువైతే, ముందు కట్టిన డబ్బు ఏ రేటున వెనక్కి వస్తుంది? ధర పెరిగినప్పుడు ఎక్కువైన బరువుకు కొత్త రేటు వేసి, తక్కువైన బరువుకు పాత రేటున డబ్బు తిరిగి ఇస్తే రెండు వైపులా నష్టపోయేది చేయించుకున్నవారే. రెంటికీ ఒకే రోజు రేటు అని, బరువు తేడా ఐదు శాతం దాటితే ముందుగా ఫోన్ చేసి చెప్పాలని చీటీలో రాయించుకోవచ్చు. అందుకు ఒప్పుకోని దుకాణదారు అరుదు.

ఇక ఆ చీటీ. దాని మీద గ్రాముల్లో బరువు, టచ్, కడ్డీ రేటు, ఆ రేటు ఏ రోజుదో, తరుగు ఎన్ని గ్రాములో, మజూరి ఎన్ని రూపాయలో, పాత వెండి ఇచ్చి ఉంటే కరిగించాక వచ్చిన నికర బరువు ఉండాలి. డెలివరీ రోజు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిదేనా అని చూడండి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. వస్తువు పెట్టకముందు సున్నా చూపుతోందో లేదో చూసుకుని, కుందులు రెండూ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి తూయించండి. మూడు అంకెలూ కుదిరాక బిల్లు వేయమనండి.